పెద్ద మాటను ఒక్కో అక్షరం తీసేస్తూ చిన్నది చేయడం ఎలా?

ఆట ఇంతే. ఒక పెద్ద మాట ఇస్తారు. అందులోంచి ఒక అక్షరం తీసేయాలి. మిగిలినదానికి అర్థం ఉండాలి. దాంట్లోంచి మళ్లీ ఒకటి తీయాలి, మళ్లీ అర్థం ఉండాలి. అక్షరాల వరుస మారకూడదు, కొత్తది చేర్చకూడదు. ఇంగ్లిష్‌లో స్టార్ట్‌లింగ్ అనే తొమ్మిది అక్షరాల మాటను స్టార్టింగ్, స్టేరింగ్, స్ట్రింగ్, స్టింగ్, సింగ్, సిన్, ఇన్ అంటూ చివరికి ఐ దాకా దించుతారు. తెలుగులో అంత పొడుగు నిచ్చెన దొరకడం కష్టం. మా ఇంట్లో రెండక్షరాల మాట దాకా వస్తే గెలిచినట్టే.

మొదట అక్షరం అంటే ఏమిటో తేల్చుకోవాలి. గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసి ఒక్క అక్షరమే. మన గోల్కొండనే చూడండి. ఊరి పేర్లు ఆటలో చెల్లవు గానీ లెక్క అర్థమవడానికి ఇది బాగుంటుంది. గో, ల్కొం, డ. మూడే అక్షరాలు. నడిమి అక్షరం తీస్తే గోడ మిగులుతుంది. కంటికి కొండ కూడా కనిపిస్తుంది, కానీ అది రాదు. ఎందుకంటే 'కొం' విడిగా లేదు, 'ల్కొం'లో ఇరుక్కుపోయి ఉంది. దీర్ఘం విషయంలోనూ అంతే. ఉన్న దీర్ఘం పోదు, లేనిది రాదు. కరం ఉన్నచోట కారం రాసేసి తర్వాత గొడవపడటం మా ఇంట్లో చాలాసార్లు జరిగింది.

ఇంకో సంగతి కూడా ముందే ఒప్పుకోవాలి. మాట చివర సున్నా రాయాలా, 'ము' రాయాలా? నేను సున్నానే నమ్ముతాను, మనం మాట్లాడేది అలాగే కాబట్టి. 'ము' పెడితే ఒక అక్షరం పెరిగి మాట పొడుగ్గా కనిపిస్తుంది గానీ, వరము దగ్గరికి వచ్చేసరికి దారి మూసుకుపోతుంది. 'వర' అనేది వరకట్నం లాంటి సమాసాల్లోనే బతుకుతుంది, ఒంటరిగా నిలబడదు.

ఇక అసలు పని. చాలామంది మాటను పైనుంచి చూస్తూ ఏ అక్షరం తీస్తే బాగుంటుందా అని ఆలోచిస్తారు. నేను కింది నుంచి మొదలుపెట్టమంటాను. మొన్న నాగోల్ నుంచి అమీర్‌పేటకు మెట్రోలో వెళ్తూ మా మేనకోడలికి ఇలాగే చూపించాను. తీసుకున్న మాట మకరందం. మ, క, రం, దం. నాలుగు అక్షరాలు. వరుస మార్చకుండా ఇందులోంచి రెండక్షరాల జంటలు ఎన్ని వస్తాయో కాగితం మీద రాయించాను. మక, మరం, మదం, కరం, కదం, రందం. ఆరే ఆరు. నాలుగక్షరాల మాట ఏదైనా జంటలు ఆరే ఉంటాయి. అయిదక్షరాలైతే పది.

వీటిలో అర్థమున్నవాటికి సున్నా చుట్టమన్నాను. మదం, కరం వెంటనే చుట్టింది. కాసేపాగి, "మామయ్యా, కదం కూడా ఉందిగా! కదం తొక్కారు అని పేపర్లో రాస్తారు" అంది. నిజమే, మూడు మాటలయ్యాయి.

ఇప్పుడు పై మెట్టు. మకరందంలోంచి ఒక్క అక్షరం తీస్తే వచ్చేవి నాలుగే: కరందం, మరందం, మకదం, మకరం. మకరం అంటే మొసలి, అది అందరికీ తెలుసు. మరందం అంటే పూలతేనె, మకరందానికి ఇంకో పేరే. మిగతా రెండూ మాటలు కావు. ఇక వంతెనలు కలపడమే మిగిలింది. మకరంలోంచి 'మ' తీస్తే కరం. మరందంలోంచి 'రం' తీస్తే మదం. అంటే ఈ మాటకు రెండు దారులున్నాయి: మకరందం, మకరం, కరం ఒకటి, మకరందం, మరందం, మదం ఇంకొకటి.

మరి కదం? దాని మీద ఉండాల్సినవి కరందం, మకదం. రెండూ అర్థం లేనివే. కింద మాట ఉంది, పైన మాట ఉంది, నడుమ మెట్టు లేదు. ఈ ఆటలో ఎక్కువ మంది ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. చివరి మాట కనిపించగానే గెలిచామనుకుని మధ్యలో మెట్టు చూడరు. అందుకే అక్షరం తీసిన ప్రతిసారీ మిగిలినదాన్ని పూర్తిగా రాసి, పైకి చదవండి. మనసులో చదివితే నాలుక తప్పును పట్టుకోలేదు.

మాట పొడుగైతే పై నుంచి ఒక మెట్టు, కింది నుంచి రెండు మెట్లు వేసి మధ్యలో కలుసుకోవడం తేలిక. అనవసరం తీసుకోండి. అ, న, వ, స, రం. ఇక్కడ పై మెట్టు వెతకనక్కర్లేదు. 'అ'తో మొదలయ్యే మాటకు లేదు అనే అర్థం రావాలంటే ముందు 'అన్' చేరుతుంది. అప్పుడు మధ్యలో 'న' వచ్చి కూర్చుంటుంది. ఆ 'న'ను లాగేస్తే అవసరం తిరిగి వచ్చేస్తుంది. అనర్థంలోంచి అర్థం వచ్చేదీ ఇలాగే. అన్నింటికీ ఇది పనిచేయదు. అనంతంలో సున్నా 'న' మీదే ఉంది కాబట్టి 'నం' తీస్తే అతం మిగులుతుంది, అంతం కాదు. అనుచితంలో ఉచితం తాలూకు 'ఉ', 'ను'లో కలిసిపోయింది.

అవసరం నుంచి కిందకు దిగాలంటే అడుగున వరం ఉందని ముందే కనిపెట్టాలి. వరానికి పైన ఉండగలిగేవి అవరం, వసరం. వసరం మాట కాదు. అవరం సంస్కృతం నుంచి వచ్చింది. తక్కువది, తర్వాతది అని అర్థం. అలా అనవసరం, అవసరం, అవరం, వరం అయింది.

అవరం లాంటి మాట దగ్గర పోట్లాట వస్తుంది. దానికి ఒక నిఘంటువును ముందే పెద్దమనిషిగా కూర్చోబెట్టుకోవాలి. నేను ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత శబ్దరత్నాకరాన్ని పెట్టుకున్నాను. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు కూర్చినది. ఇలాంటి పాత నిఘంటువుల్లో మాటలు 'ము'తో ఉంటాయి. మరందం కోసం వెతికేవాళ్లు మరందము దగ్గర చూడాలి. ఇది తెలియక లేదనేసి మంచి మెట్టు వదులుకుంటారు.

చివరి అక్షరాన్ని తీయవచ్చన్న సంగతి కూడా చాలామందికి తట్టదు. మరకతంలో మతం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, దానికోసమే తంటాలు పడతారు. మరతం, మకతం రెండూ మాటలు కావు కాబట్టి అది రాదు. చివరి 'తం' తీసేస్తే మరక. అందులో 'క' తీస్తే మర. పచ్చ మణి మరకై, మరక యంత్రమైంది.

ఇక అలంకారం మీకు వదిలేస్తున్నాను. చివర కారం రావాలి. మధ్యలో వచ్చేది అచ్చుల్లో మొట్టమొదటి అక్షరం పేరు.