చేప కొనేటప్పుడు, వండేదాకా తీసుకోవలసిన జాగ్రత్తలు

బల్ల మీద పరచిన చేపల్లో కళ్లు మిలమిలలాడేదాన్నే ముందుగా ఎంచుకోవడం చాలామందికి అలవాటు గానీ, కంటిని ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. తాజా చేప కన్ను ఉబ్బెత్తుగా, నల్లగుడ్డు స్పష్టంగా కనిపించేలా ఉంటుందన్నది నిజమే. అయితే ఐసుకు నేరుగా ఆనుకొని ఉన్న చేపకు, అది తాజాదే అయినా, కన్ను మసకబారవచ్చు. అందుచేత మసకను మాత్రమే కాక, కన్ను లోపలికి గుంటపడిందా అన్నదాన్ని కూడా చూడాలి.

అసలు సంగతి మొప్పల్లో తెలుస్తుంది. మూత ఎత్తి చూస్తే అవి ఎర్రగా, తడిగా, పాయలు విడివిడిగా ఉండాలి. గోధుమరంగుకు తిరిగి, చిక్కటి జిగట పట్టి అంటుకుపోయి ఉంటే ఆ చేప నిలవది. ఎరుపు బాగానే ఉన్నా పుల్లటి లేదా ఘాటైన వాసన వస్తే రంగును కాక ముక్కునే నమ్మాలి, ఎందుకంటే రంగును పూయవచ్చు, వాసనను దాచడం కష్టం. తాజా చేపకు నీటి వాసన, కొద్దిపాటి నీచు మాత్రమే ఉంటాయి.

ఆ తరువాత వీపు మీద కండ మందంగా ఉన్నచోట వేలితో నొక్కాలి. నొక్కు వెంటనే పూడుకుంటే మంచిది. గుంట అలాగే నిలిచినా, పొట్ట మెత్తబడి చీలినా వదిలేయాలి. ఉదాహరణకు రెండు కానాగంతలు ఉన్నాయనుకుందాం. ఒకదాని కన్ను మసకగా ఉన్నా మొప్పలు ఎర్రగా, కండ గట్టిగా ఉన్నాయి. రెండవదాని కన్ను మెరుస్తున్నా మొప్పలు వెలిసిపోయి, పొట్ట జారిపోయింది. కొనవలసింది మొదటిదే.

కానాగంత, కవ్వ, ట్యూనా వంటి చేపల విషయంలో చల్లదనం మరీ ముఖ్యం. ఇవి వెచ్చగా ఉండిపోతే బాక్టీరియా వల్ల కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది. అది ఎంత ఉడికించినా, గడ్డకట్టించినా పోదు, చేప పైకి బాగానే కనిపించవచ్చు కూడా. అటువంటి చేప తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దురద, తలనొప్పి, గుండెదడ మొదలవుతాయి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కాబట్టి చేపను బజారు పనులన్నీ ముగిశాక చివరగా కొని, ఐసు వేయించుకొని తీసుకువెళ్లాలి. చల్లదనం లేకుండా బయట 2 గంటలకు మించి, ఎండ 32 డిగ్రీలు దాటితే 1 గంటకు మించి ఉంచరాదు. ఇంటికి రాగానే పేగులు, మొప్పలు తీసేసి కడిగి, మూత ఉన్న గిన్నెలో పెట్టి, ఫ్రిజ్‌లో 4 డిగ్రీలకు మించని చోట, కారినా ఇతర పదార్థాల మీద పడకుండా అడుగు అరలో ఉంచాలి. ఒకటి రెండు రోజుల్లో వండడం కుదరదనుకుంటే మొదటి రోజే ఫ్రీజర్‌లో పెట్టడం మేలు. వాసన మొదలయ్యాక పెట్టి లాభం లేదు. గడ్డకట్టిన చేపను గట్టు మీద కాక, ముందు రాత్రే ఫ్రిజ్‌లోకి మార్చి కరగనివ్వాలి. ఉప్పు, కారం, మసాలా పట్టించిన ముక్కలను కూడా వండేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచాలి.