ఇష్టమైన పనే చివరి రాత్రి దాకా ఎందుకు ఆగుతుంది: సమస్య - పరిష్కారం

లక్షణం

పని ముఖ్యమని తెలుసు, ఇష్టం కూడా ఉంది. గడువు తేదీ నెలల ముందే తెలుసు. అయినా ఫైలు తెరవడం, ఓ నిమిషం చూడడం, మూసేయడం. ఆ పక్కనున్న పనులన్నీ చకచకా అయిపోతుంటాయి. చివరి రెండు రాత్రులూ నిద్ర మానుకుని కూర్చుంటే మాత్రం పని బాగానే నడుస్తుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థీసిస్ రాసే పిల్లలతో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నాను. "నాకు బద్ధకం సార్" అని కొందరు, "ఒత్తిడి ఉంటేనే నాకు పనవుతుంది సార్" అని ఇంకొందరు అంటారు. ఈ రెండు మాటలూ నమ్మి టైమ్‌టేబుళ్లు గీసుకుంటారు. ఫోన్ పక్కన పెట్టడం, లైబ్రరీకి వెళ్లి కూర్చోవడం లాంటివి మీరు ఈపాటికి చేసే ఉంటారు కాబట్టి వాటి జోలికి వెళ్లను.

ముందు చూడాల్సింది

దాదాపు అందరూ వదిలేసే పరీక్ష ఒకటుంది. ఇదే రకం పని వేరేవాళ్లది మీ చేతికొస్తే వాయిదా వేస్తారా? స్నేహితుడి అప్లికేషన్ ఒక్క పూటలో దిద్దేసి, మీ అప్లికేషన్ మాత్రం నెలరోజులు నాన్చుతున్నారా? అలా అయితే లోపం మీ క్రమశిక్షణలో లేదు, కింద చెప్పే కారణాన్ని చూడండి. ఎవరి పనైనా ఒకేలా వాయిదా పడుతుంటే నేరుగా చివరి భాగానికి వెళ్లండి.

అసలు కారణం

ఒక పరిశోధక విద్యార్థిని సంగతి చెబుతాను. విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వచ్చే కవ్వళ్లనే చేపల పొడవు మీద ఆమె పని. తెల్లవారకముందే హార్బర్‌లో ఉండేది. వేలంపాట గోలలో, తడి నేల మీద గొంతుక్కూర్చుని, స్కేలు మీద చేపను పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో రాసుకునేది. ఒక్కరోజు కూడా వాయిదా వేసింది లేదు. కొలతలన్నీ అయ్యాయి, టేబుళ్లు తయారయ్యాయి. ఆ అంకెలకు అర్థమేమిటో చెప్పే నాలుగో అధ్యాయం, అంటే డిస్కషన్, మాత్రం నెలల తరబడి కదల్లేదు. ఈలోగా మార్జిన్లు సరిచేసింది, రిఫరెన్సుల వరుస మార్చింది, "ఇంకో నెల డేటా ఉంటే బాగుంటుంది" అని మళ్లీ హార్బర్‌కి వెళ్లింది. జూనియర్‌ రాసిన అదే అధ్యాయాన్ని మాత్రం ఒక సాయంత్రంలో దిద్దిపెట్టింది.

తేడా ఎక్కడుందో చూడండి. చేప పొడవు కొలిస్తే ఆ అంకె చేపది. దానికి అర్థం రాస్తే ఆ మాట తనది. దాన్ని గైడ్ చదువుతారు, తన తెలివి ఎంతో తేలిపోతుంది. అంటే మనసు ఆ ఫైలును పనిగా చూడడం మానేసి తన మీద రాబోయే తీర్పుగా చూస్తోంది. తెరవగానే గుండెల్లో చిన్న బిగుతు, మూయగానే తేలిక. ఆ తేలికే బహుమానమై, మర్నాడు ఇంకా తొందరగా మూయడం నేర్పుతుంది. వాయిదా అంటే అప్పటికప్పుడు మనసుకు సర్దిచెప్పుకోవడమేనని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్యూషియా సిరోయిస్, తిమోతి పిచిల్ 2013లో రాశారు. సమయపాలన పాఠాలు ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే.

జోసెఫ్ ఫెరారీ, డయాన్ టైస్ 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ విషయాన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. ఒకే లెక్కల పనిని కొందరికి సామర్థ్య పరీక్షగా, మరికొందరికి సరదా ఆటగా పరిచయం చేశారు. వాయిదా అలవాటున్నవాళ్లు పరీక్ష అన్నప్పుడు సాధన చేయకుండా వేరే వ్యాపకాల్లో పడ్డారు. ఆట అన్నప్పుడు మిగతావాళ్లలాగే సాధన చేశారు. పని అదే, దాని మీద వేసిన పేరు మాత్రమే మారింది.

చివరి రాత్రి చెయ్యి ఎందుకు ఆడుతుందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. అప్పటికి "టైమ్ లేకపోయింది" అనే సాకు సిద్ధంగా ఉంటుంది. బాగా రాకపోతే తప్పు టైముది, బాగా వస్తే గొప్ప మీది. తీర్పు భయం పోతుంది కాబట్టి పని కదులుతుంది. ఒత్తిడి మీకు బలమేమీ ఇవ్వలేదు. దీనికి మూల్యం కూడా ఉంది. టైస్, బామైస్టర్ 1997లో గమనించిన విద్యార్థుల్లో వాయిదా వేసేవాళ్లు టర్మ్ మొదట్లో హాయిగానే ఉన్నారు. చివరికొచ్చేసరికి ఒత్తిడి, అనారోగ్యం మిగతావాళ్లకంటే ఎక్కువయ్యాయి, మార్కులూ తగ్గాయి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. "ఇది నీ జీవితం, ఎంతవరకూ వచ్చింది?" అని రోజూ ఫోన్‌లో అడిగితే తీర్పు బరువు ఇంకా పెరుగుతుంది. అడగాలనిపిస్తే "ఈరోజు ఏ టేబుల్ చూశావు?" అని అడగండి.

పరిష్కారం

కూర్చునే వేళ నుంచి తీర్పును తీసేయాలి. ఆ అమ్మాయితో నాలుగో అధ్యాయం ఫైలు తెరవద్దన్నాను. కొత్త ఫైలు తెరిపించి "హార్బర్ నోట్స్" అని పేరు పెట్టించాను. టేబుల్ ఎదురుగా పెట్టి అడిగాను.

"మే నెలలో సగటు పొడవు ఎందుకు తగ్గిందమ్మా?"

"అప్పుడు వేట నిషేధం కదా సార్. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజన్ బోట్లు వెళ్లవు. నేను కొలిచినవి ఇంజన్ లేని పడవలు తెచ్చినవి. వాళ్లు ఒడ్డు దగ్గరే వేస్తారు, వలలు కూడా వేరు."

"ఇప్పుడు చెప్పిందే టైప్ చెయ్యి."

"ఇది డిస్కషన్ అవుతుందా సార్?"

అవుతుంది. చేప చిన్నదైపోయిందా, కొలిచిన పడవలే మారాయా అన్నదే ఆ అధ్యాయంలో ముఖ్యమైన ప్రశ్న. ఆమెకు జవాబు ముందే తెలుసు, ఆరు వాక్యాలు వచ్చాయి. వాటిని దిద్దనివ్వకుండా "చిత్తు ప్రతి సార్, దిశ సరైనదేనా?" అన్న ఒక్క లైనుతో ఆ సాయంత్రమే గైడ్‌కి పంపించాను. పంపడం తప్పనిసరి. నెలల తర్వాత ఒకేసారి పడాల్సిన తీర్పు చిన్న ముక్కగా, అప్పుడే వచ్చేస్తుంది. ఇది ఎగ్గొట్టినవాళ్లు రెండు వారాల్లో మొదటికొస్తారు.

మర్నాటి నుంచి ఒకటే ఏర్పాటు: హార్బర్ నుంచి వచ్చి స్నానమయ్యాక లాప్‌టాప్ తెరిస్తే, ముందు టేబుల్ 6 కింద ఒక వాక్యం. "అధ్యాయం రాయాలి" అని పెట్టుకుంటే కుదరదు. ఎప్పుడు, ఎక్కడ, ఏది అన్నంత వివరంగా ముందే కట్టుకున్న పని ఎక్కువసార్లు జరుగుతుందని పీటర్ గోల్విట్జర్ పరిశోధనలు చూపించాయి.

పని చేస్తోందని ఎలా తెలుస్తుంది? ఉత్సాహం కోసం చూడకండి. మొదటి పది నిమిషాల బిగుతు అలాగే ఉంటుంది, కానీ ఫైలు మూయరు. అదే గుర్తు. కొత్త డైరీ కొనాలనో, ఇంకాస్త డేటా కావాలనో అనిపిస్తే పాత జబ్బే వేషం మార్చుకుని వచ్చిందనుకోండి.

మధ్యలో వారం జారితే తిట్టుకోవద్దు. తిట్టుకుంటే ఆ ఫైలుకు ఇంకో చేదు అంటుకుంటుంది. మొదటి పరీక్షకు చదవడం వాయిదా వేసినందుకు తమను తాము క్షమించుకున్న విద్యార్థులు రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారని వోల్, పిచిల్, బెన్నెట్ 2010లో చూపించారు.

అరుదైనవి

పని నిజంగా చేతకాకపోతే వాయిదా సహజమే, నేర్పేవాళ్లను వెతుక్కోండి. పని మీద ఇష్టమే పోయి ఉంటే ఒప్పుకుని వదిలేయండి. చిన్నప్పటి నుంచీ ఏ పని మీదా దృష్టి నిలవకపోయినా, రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఆసక్తి తగ్గిపోయినా ఈ చిట్కాలతో కాలయాపన చేయకుండా సైకియాట్రిస్ట్‌ను కలవండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.