రెండు థంబ్‌నెయిళ్లలో ఏది నెగ్గిందో ఎలా తేల్చాలి?

మీ వంటల వెబ్‌సైట్ ముఖపేజీలో గోంగూర పచ్చడి వీడియో ఉందనుకుందాం. ఒక థంబ్‌నెయిల్‌లో పచ్చడి గిన్నె, ఇంకో దాంట్లో వేడన్నంలో కలిపిన ముద్ద. టైటిల్ రెండింటికీ ఒకటే ఉంచండి. రెండూ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదట, వచ్చేవాళ్లకు ఏ బొమ్మ చూపాలన్నది చీటీ తీసినట్టు, యాదృచ్ఛికంగా జరగాలి. రెండూ ఒకే రోజుల్లో నడవాలి. ఈ వారం గిన్నె, వచ్చే వారం ముద్ద అని మారిస్తే అది పరీక్ష కాదు. మొదటి వారం ఎక్కువగా మీ పాత అభిమానులే వస్తారు, వాళ్లు ఏ బొమ్మ పెట్టినా నొక్కుతారు.

ఇప్పుడు లెక్క. ఒక్కో బొమ్మ 500 సార్లు కనిపించింది. గిన్నెకు 20 క్లిక్‌లు, ముద్దకు 28. నూటికి 4, 5.6 అన్నమాట. "నలభై శాతం ఎక్కువ!" అని సంబరపడాలనిపిస్తుంది. ఆగండి. మొత్తం 48 క్లిక్‌లు. నాణేన్ని 48 సార్లు ఎగరేసి చూడండి: ఎటువైపైనా 28–20 లేదా అంతకు మించిన తేడా సుమారు మూడు విడతలకు ఒకసారి వస్తుంది. నాణెంలో మాత్రం ఏ తేడా లేదు.

రెండూ సమానంగా కనిపించినప్పుడు నేను వాడే చిట్కా ఇది. మొత్తం క్లిక్‌ల వర్గమూలం తీసి రెట్టింపు చేయండి. క్లిక్‌ల తేడా దాన్ని దాటితేనే పట్టించుకోండి.

```
2 × √48  ≈ 14   తేడా 8   → తేలలేదు
2 × √480 ≈ 44   తేడా 80  → తేలింది
```

రెండో వరుసలో ఒక్కో బొమ్మ 5,000 సార్లు కనిపించింది, నిష్పత్తి మాత్రం అదే. 4, 5.6 మధ్య ఉన్నంత తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కోదానికి సుమారు 2,800 ప్రదర్శనలు కావాలి. తేడా అందులో సగమే అయితే పదివేలు దాటుతుంది. సైట్ చిన్నదైతే రంగు, ఫాంట్ లాంటి చిన్న మార్పులను పరీక్షించడం దండగ. బాగా వేరుగా ఉన్న బొమ్మలే పెట్టండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే: గంటకోసారి తొంగి చూసి, ముద్ద ముందున్న క్షణాన ఆపేయడం. ఎన్నిసార్లు చూస్తే అన్నిసార్లు అదృష్టం మోసం చేసే అవకాశం ఉంటుంది. అందుకే ఎన్ని ప్రదర్శనల దగ్గర ఆపాలో ముందే కాగితం మీద రాసుకోండి. కనీసం ఒక పూర్తి వారం నడవనివ్వండి, ఆదివారం వచ్చేవాళ్లు బుధవారం వచ్చేవాళ్లలా ఉండరు.

అనుమానంగా ఉంటే ఒకే బొమ్మను రెండు వైపులా పెట్టి నడపండి. అప్పుడు కూడా ఒకటి "ముందుకెళ్తుంది". మీ అంకెలు ఎంత ఊగుతాయో అప్పుడు అర్థమవుతుంది. ఆ ఊగిసలాట మరీ ఎక్కువైతే, పంపకంలోనే పొరపాటు ఉందేమో చూసుకోండి.

యూట్యూబ్ సొంతంగా ఇచ్చే థంబ్‌నెయిల్ పరీక్ష క్లిక్‌లను కాదు, చూసిన సమయంలో ఒక్కో బొమ్మ వాటాను లెక్కిస్తుంది. కాబట్టి పై చిట్కా అక్కడ కుదరదు. ఆ కొలత మాత్రం మంచిదే: ఆకట్టుకునే అబద్ధపు బొమ్మ క్లిక్ తెస్తుంది కానీ మనిషిని నిలబెట్టదు. అక్కడ ఫలితం తేలలేదని వస్తే, మీకు నచ్చిన బొమ్మ ఉంచేసి తర్వాతి వీడియో మొదలుపెట్టండి.