బీపీ ఉన్నవారి ఆహార చరిత్రలో ఉప్పు లెక్క – 3వ పాఠం: జాడీ, ప్యాకెట్టు, హోటలు

పోయిన పాఠంలో వంటింటి ఉప్పు ప్యాకెట్టు ఎన్ని రోజులకు అయిపోతుందో అడిగి ఇంటి వంటలోని సోడియాన్ని లెక్కగట్టాం. ఆ లెక్కకు అందకుండా పోయేవి మూడు: ఊరగాయ జాడీ, అంగట్లో కొనే చిరుతిళ్ల ప్యాకెట్టు, హోటల్లో తినే ప్లేటు. ఈ పాఠమంతా వీటి గురించే. కాగితం, పెన్ను, ఒక్కో గ్రాము చూపే వంటింటి త్రాసు దగ్గర పెట్టుకోండి.

ముందు ఒక్క మార్పిడి గుర్తుంచుకోవాలి. గ్రాము ఉప్పులో సోడియం 393 మి.గ్రా. ఉంటుంది, మన పనికి 400 అనుకుంటే చాలు. పెద్దవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు రోజుకు 2000 మి.గ్రా. సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. రాళ్ల ఉప్పైనా, సైంధవ లవణమైనా లెక్క మారదు. "మేం సైంధవమే వాడతాం" అని పేషెంటు ధీమాగా చెప్పినా అంకెను తగ్గించొద్దు.

పాఠం పొడవునా ఒకే కేసు చూద్దాం. కర్నూలులో టైలరు, 54 ఏళ్లు. రెండు మందులు వాడుతున్నా బీపీ 152/94. ఇంట్లో ఆయన, భార్య, తల్లి, కాలేజీకి పోయే కొడుకు.

జాడీ

"ఊరగాయ తింటారా?" అని అడిగితే కర్నూలులోనైనా అనంతపురంలోనైనా వచ్చే జవాబు ఒకటే: "ఎప్పుడన్నా ఒగసారి సార్, బీపీ ఉందని తగ్గించినా." దీన్ని అబద్ధం అనుకోనక్కర్లేదు. కంచం పక్కన రోజూ ఉండేది ఎవరి లెక్కలోకీ రాదు, అంతే. కాబట్టి తింటారా అని కాకుండా "నిన్న రాత్రి మజ్జిగన్నంలోకి ఏం నంజుకున్నారు?" అని అడగండి. మన టైలరు ఆ ప్రశ్నకు "ఒక స్పూను ఆవకాయ" అన్నాడు.

ఇప్పుడు రెండు అంకెలు కావాలి: ఆ స్పూను బరువు, ఆ ఊరగాయలో ఉప్పు పాలు.

స్పూను బరువును ఊహించకండి. వాళ్ల స్పూనుతోనే, వాళ్ల చేత్తోనే కంచంలో వేయించి తూచండి. టీ స్పూను తలకొట్టి వేస్తే 6–8 గ్రాములు తూగుతుంది. కుప్పగా, ముక్కతో సహా వేస్తే 12–15 దాకా పోతుంది. మాటల్లో రెండూ "ఒక స్పూనే". మన టైలరుది 13 గ్రాములు వచ్చింది.

ఉప్పు పాలును జాడీ పెట్టిన మనిషిని అడగాలి. భార్య చెప్పిన కొలత: మామిడి ముక్కలు 2 కేజీలు, ఉప్పు 300 గ్రాములు, కారం 250, ఆవపిండీ మెంతిపిండీ కలిపి 150, నూనె అర కేజీ. మొత్తం 3200 గ్రాముల్లో ఉప్పు 300, అంటే 9 శాతం పైచిలుకు. ఇక్కడ చాలామంది ఒకటి మరిచిపోతారు: ఉప్పు నూనెలో కరగదు. అది ముక్కల నుంచి ఊరిన నీళ్లలోనే ఉంటుంది. పైన తేలిన నూనెను పక్కకు జరిపి అడుగు నుంచి తీసుకునేవారికి 11 శాతం పడుతుంది. రెంటికీ మధ్యగా 10 శాతం పెట్టుకుంటే తప్పు పెద్దగా రాదు, లెక్కా తేలికవుతుంది: గ్రాము ఊరగాయకు 40 మి.గ్రా. సోడియం. "ముక్క తినను, పిండి మాత్రమే కలుపుకుంటా" అనేవారికీ ఇదే అంకె, ఎందుకంటే ఊరిన జాడీలో ఉప్పు రెంటికీ పట్టి ఉంటుంది. కొన్న సీసా అయితే లేబులు చూడండి. 10 శాతం ఉప్పంటే 100 గ్రాములకు దాదాపు 4000 మి.గ్రా. సోడియం కాబట్టి లేబుల్‌ మీద వేలల్లో ఉంటే కంగారు పడొద్దు. 400 అని కనిపిస్తేనే అనుమానపడండి, అది ఒక స్పూను వడ్డనకు రాసింది కావొచ్చు.

13 గ్రాములకు 520 మి.గ్రా. ఇక్కడితో ఆగితే తప్పుతాం. జాడీనే సాక్షిగా పిలవాలి: ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు అయిపోయింది, ఎవరికైనా ఇచ్చారా? ఈ ఇంట్లో 3200 గ్రాముల జాడీ 90 రోజుల్లో అయిపోయింది, ఎవరికీ పంచలేదు. అంటే ఇంటి మొత్తానికి రోజుకు 35 గ్రాములు. కొడుకు ముట్టడు. భార్య, తల్లి చెరో 5 గ్రాములు. మిగిలిన 25 గ్రాములు ఎవరు తింటున్నట్టు? స్పూను లెక్కకూ జాడీ లెక్కకూ ఇంత తేడా వస్తే ఒక పూట ఎక్కడో జారిపోయిందని అర్థం. మళ్లీ అడిగితే బయటపడింది: మధ్యాహ్నం అంగడికి తీసుకుపోయే క్యారియర్లో పెరుగన్నం మీద భార్య ఒక స్పూను వేసి పంపుతుంది. తను వేసుకోలేదు కాబట్టి ఆయనకు గుర్తు రాలేదు. రోజుకు 25 గ్రాములు, 1000 మి.గ్రా.

జాడీ లెక్కలో పడే పొరపాటు ఇంకొకటుంది. ఊరగాయలు పెట్టడానికి వేసవిలో రాళ్ల ఉప్పు విడిగా కొంటారు, లేదా జాడీ పుట్టింటి నుంచి వస్తుంది. అప్పుడు దాన్ని ప్యాకెట్టు లెక్కకు కలపాలి. వంటింటి ప్యాకెట్టు ఉప్పుతోనే పెట్టి ఉంటే ఆ ఉప్పును ప్యాకెట్టు లెక్కలోంచి తీసేయాలి, లేకపోతే ఒకే ఉప్పును రెండుసార్లు లెక్కించినట్టు. చెనక్కాయల ఊరిబిండి లాంటి పూటకు నూరుకునే పచ్చళ్లు ప్యాకెట్టు లెక్కలో ఉన్నట్టే. ఊరమిరపకాయలూ చింతకాయ తొక్కూ మాత్రం ఊరగాయలాగే విడిగా అడగాలి.

ప్యాకెట్టు

ఇది తేలిక, లేబుల్‌ చదవడం వస్తే చాలు. సోడియం 100 గ్రాములకు ఎంతో చూడండి, తిన్నది ఎన్ని గ్రాములో తూచండి. వడ్డన అంటూ వాళ్లు వేసే 20, 30 గ్రాముల అంకెను నమ్ముకోవద్దు, అది కంపెనీ అనుకున్న పరిమాణం. కొన్ని విదేశీ ప్యాకెట్ల మీద సోడియం బదులు ఉప్పు గ్రాముల్లో ఉంటుంది, దాన్ని 400తో గుణిస్తే సోడియం మి.గ్రాముల్లో వస్తుంది.

నాలుకను నమ్మడం ఇక్కడ అసలు కుదరదు. వంటసోడా బరువులో 27 శాతం సోడియమే, కానీ ఉప్పగా ఉండదు. అందుకే తియ్య బిస్కట్టులోనూ, బ్రెడ్డులోనూ పేషెంటు ఊహించని సోడియం ఉంటుంది. అప్పడంలో ఉప్పుకు తోడు అప్పళాల సోడా కూడా పడుతుంది.

టైలరు వారానికి ఐదు సాయంత్రాలు టీతో మిక్చరు తింటాడు. కాగితంలో పోయించి తూస్తే 40 గ్రాములు, ప్యాకెట్టు మీద 100 గ్రాములకు 800. అంటే పూటకు 320, రోజుకు సగటున 230. వారానికి మూడు అప్పడాలు. ఒక్కోటి 12 గ్రాములు, లేబుల్‌పై 1800, కాబట్టి ఒక్కోటి 216, రోజుకు సగటున 90. రెండూ కలిపి 320. విడిగా తూకం వేసి అమ్మే మిక్చరుకు లేబుల్‌ ఉండదు. అలాంటి ప్యాకెట్లు రెండు మూడు చదివి మధ్య అంకె తీసుకుని, కేసు కాగితంలో "అంచనా" అని పక్కన రాయండి.

హోటలు

ఇక్కడ లేబులూ లేదు, జాడీ పెట్టిన మనిషినీ అడగలేం. నోటికి సరిపోయిందనిపించే వండిన తిండిలో ఉప్పు సుమారు 1 శాతం దగ్గర తిరుగుతుందన్నదే మన ఆధారం. టిఫిన్లకు, బిరియానీకి 1 శాతం పెట్టుకోండి. పొడి కూరలకూ వేపుళ్లకూ 1.5. ఉత్త అన్నానికీ ఉప్పేయని సంగటికీ సున్నా. 100 గ్రాముల టిఫినంటే 400 మి.గ్రా. ఈ అంకె ముప్పై శాతం అటూఇటూ ఊగుతుంది, ఊగుతుందని ఒప్పుకునే వాడాలి.

బరువు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అదే హోటల్లో ఒక ప్లేటు పార్సిల్‌ తెప్పించి ఒక్కసారి తూస్తే ఆ ఊరి పేషెంట్లందరికీ ఏడాది పొడవునా పనికొస్తుంది. ఈ కేసులో ఉగ్గాని 200 గ్రాములు, బజ్జీలు రెండూ 80, చట్నీ 40. మొత్తం 320 గ్రాములు, దాదాపు 1280 మి.గ్రా. వారానికి నాలుగు పొద్దులు ఇదే, రోజుకు సగటున 730. ఆదివారం మధ్యాహ్నం బిరియానీ 400 గ్రాములు, దాంట్లోకి షేర్వా, పెరుగుచట్నీ కలిపి 100. అది 2000, వారానికి పంచితే 285. ఎండాకాలమైతే ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా ఎన్ని తాగుతారో తప్పకుండా అడగండి. బడ్డీవాడు చిటికెడు వేశాడా, పావు స్పూను వేశాడా అన్నదాన్ని బట్టి వందల మి.గ్రా. మారిపోతుంది.

బయట తిన్న ప్రతి పూటా ఇంట్లో తినని పూట. పోయిన పాఠం లెక్కను ఇప్పుడు సవరించాలి. ఈ ఇంట్లో కేజీ ప్యాకెట్టు 35 రోజులు వస్తుంది, అంటే వారానికి 200 గ్రాములు. నలుగురికి వారానికి 84 పూటలు, కానీ ఆయన ఐదు పూటలు బయట తింటాడు కాబట్టి ఇంటి పూటలు 79. పూటకు 2.5 గ్రాములు. ఆయన ఇంట్లో తినే 16 పూటలకు 40 గ్రాములు, రోజుకు 5.7, అంటే సుమారు 2300 మి.గ్రా. సవరించకుండా నలుగురికీ సమానంగా పంచి ఉంటే 2850 వచ్చేది. ఊరికే 550 ఎక్కువ చూపించేవాళ్లం.

కూడిక

ఇల్లు 2300, జాడీ 1000, ప్యాకెట్లు 320, హోటలు 1015. మొత్తం 4600 పైన. దీన్ని 4635 అని రాస్తే లేని కచ్చితత్వం చూపినట్టవుతుంది. కేసు కాగితంలో "సుమారు 4–5 వేలు, సగం ఇంటి వంట బయటి నుంచి" అని రాయండి. డాక్టరుకు కావలసింది ఈ రెండో ముక్కే. భార్య వంటలో ఉప్పు ఎంత తగ్గించినా మిగతా సగానికే 2000 దాటిపోతోంది.

అంచనా సరో కాదో 24 గంటల మూత్రంతో పోల్చొచ్చు. తిన్న సోడియంలో సుమారు 90 శాతం మూత్రంలో పోతుంది. 4600లో 90 శాతాన్ని 23తో భాగిస్తే 180 మిల్లీమోల్‌ రావాలి. 90 వచ్చిందంటే మనం రెట్టింపు అంచనా వేశామనుకునే ముందు క్రియాటినిన్‌ చూసి, మూత్రం పూర్తిగా పట్టారో లేదో తేల్చుకోండి. ఒక రోజు మూత్రంలో ఆదివారం బిరియానీ ఉండకపోవచ్చు. మే నెల ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషికి చెమటలోనే కొంత సోడియం పోతుంది, అక్కడ ఈ 90 శాతం లెక్క పనిచేయదు.

సాధన

ప్రొద్దుటూరులో 48 ఏళ్ల ఆమె వారానికి మూడు పొద్దులు హోటల్లో రెండు కారం దోశలు తింటుంది. ఒక్కో దోశ పిండి భాగం 100 గ్రాములు, దాని మీద ఎర్రకారం 15 గ్రాములు. అంగట్లో కనుక్కుంటే కేజీ ఎర్రకారానికి 60 గ్రాముల ఉప్పు వేస్తారని తెలిసింది. చట్నీ 50 గ్రాములు. ఇంట్లో చింతకాయ తొక్కు రోజుకు 10 గ్రాములు, కానీ దానికి ఉప్పు కొలత తెలియదు, జాడీ అక్క ఇంటి నుంచి వచ్చింది. రోజు సగటు కట్టండి. తొక్కు దగ్గర ఏ అంకె పెట్టుకున్నారో, అక్కకు ఫోను చేస్తే ఏం అడుగుతారో పక్కన రాసుకోండి. జవాబు 4వ పాఠం మొదట్లో.