మీ ట్రేడింగ్ ఫలితాలను మీరే నిజాయితీగా లెక్కేసుకోవడం ఎలా?

1,00,000 పెట్టుబడితో మొదలుపెట్టిన ఒక ట్రేడర్ ఖాతా ఏడాది తిరిగేసరికి 1,20,000 అయిందనుకుందాం. మొత్తం 40 ట్రేడ్లు, 20 శాతం లాభం. చూడ్డానికి బాగానే ఉంది. ఇది నైపుణ్యమా, అదృష్టమా అని తేల్చుకోవడానికి ఈ ఖాతానే మూడు కొలతలతో పరీక్షిద్దాం.

ముందు ఛార్జీలు తీసేయండి

ప్రతి ట్రేడ్ ఫలితాన్నీ బ్రోకరేజ్, పన్నులు పోగా మిగిలిన అంకెగానే స్ప్రెడ్‌షీట్‌లో రాయండి. మన ట్రేడర్‌కి ట్రేడ్‌కి 150 చొప్పున ఖర్చయింది. అవి పోగా లాభం వచ్చిన 22 ట్రేడ్ల మొత్తం 60,000, నష్టం వచ్చిన 18 ట్రేడ్ల మొత్తం 40,000.

మొత్తం లాభాన్ని మొత్తం నష్టంతో భాగిస్తే వచ్చేదే ప్రాఫిట్ ఫ్యాక్టర్. ఇక్కడ 60,000 / 40,000 = 1.5. ఛార్జీలు కలపకుండా లెక్కేసి ఉంటే ఇదే 1.7 అని కనిపించేది. ట్రేడ్ల ఫలితాలు B కాలమ్‌లో ఉంటే ఫార్ములా ఇది:

```
=SUMIF(B2:B41,">0")/ABS(SUMIF(B2:B41,"<0"))
```

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అసలు పరీక్ష దీని తర్వాతే ఉంది. అన్నిటికంటే పెద్ద లాభం ఇచ్చిన ట్రేడ్‌ని పక్కన పెట్టి మళ్లీ లెక్కేయండి. మన ట్రేడర్‌కి ఏడో నెలలో ఒకే ట్రేడ్‌లో 18,000 వచ్చింది. అది లేకపోతే 42,000 / 40,000, అంటే 1.05. ఏడాదంతా కష్టపడితే మిగిలేది 2,000. అలాగని ఆ ట్రేడ్ తప్పని కాదు. పెద్ద ట్రెండ్ కోసం కాచుకుని కూర్చునే పద్ధతుల్లో లాభమంతా కొద్ది ట్రేడ్ల నుంచే రావడం మామూలే. కానీ అలాంటి పద్ధతి అయితే 40 ట్రేడ్లు చూసి ఏమీ తేల్చలేం.

తర్వాత డ్రాడౌన్

ఈ ఖాతా నెలవారీ ఫలితాలు పెట్టుబడి మీద శాతాల్లో ఇవి: 4, 3, -5, -6, 2, -4, 15, 3, -2, 5, 1, 4. రెండో నెలాఖరుకి ఖాతా 1,07,000కి చేరి, ఆరో నెలాఖరుకి 94,000కి దిగింది. అంటే శిఖరం నుంచి 13,000 పోయింది. దాన్ని 1,07,000తో భాగిస్తే 12.1 శాతం, ఇదే డ్రాడౌన్. “అసలులో పోయింది 6,000 మాత్రమే కదా” అని సర్దిచెప్పుకోకండి. డ్రాడౌన్‌ని ఎప్పుడూ అప్పటిదాకా చేరిన గరిష్ఠం నుంచే కొలవాలి.

నిజానికి ఈ 12.1 కూడా తక్కువే. నెలాఖరు అంకెల మధ్య ఏం జరిగిందో అది చూపించదు. రోజువారీ విలువలు, అవీ ఓపెన్ పొజిషన్ల నష్టం కలిపి చూస్తే, ఖాతా ఒకరోజు 1,09,000 తాకి, తర్వాత ఒకరోజు 89,000కి పడింది. అప్పుడు డ్రాడౌన్ 18.3 శాతం. నష్టంలో ఉన్న పొజిషన్‌ని మూసేయకుండా లాగేవాళ్ల రికార్డు, మూసిన ట్రేడ్లు మాత్రమే లెక్కేస్తే అద్దంలా మెరుస్తుంది. D కాలమ్‌లో రోజువారీ ఖాతా విలువ పెట్టి, పక్క కాలమ్‌లో ఇది కిందిదాకా లాగండి. అందులో పెద్ద అంకె మీకు కావలసింది.

```
=1-D2/MAX(D$2:D2)
```

మధ్యలో డబ్బు వేసినా, తీసినా ఆ మొత్తాన్ని ఖాతా విలువలోంచి సర్దండి. నష్టాల్లో ఉన్నప్పుడు కొత్తగా వేసిన 10,000, లాభంలా కనిపించి గొయ్యిని పూడ్చేస్తుంది.

చివరగా షార్ప్ రేషియో

నెలవారీ సగటు రాబడిలోంచి, రిస్క్ లేకుండా వచ్చే వడ్డీ తీసేసి, మిగిలినదాన్ని ఫలితాల ఊగిసలాటతో, అంటే ప్రామాణిక విచలనంతో భాగించాలి. సగటు 1.67. వడ్డీ ఏడాదికి 6 శాతం అనుకుంటే నెలకి 0.5. విచలనం 5.66. నెలవారీ నిష్పత్తిని ఏడాదికి మార్చడానికి 12 వర్గమూలంతో గుణిస్తాం. నెలవారీ శాతాలు 4, 3, -5 అని మామూలు అంకెలుగా C కాలమ్‌లో ఉంటే ఫార్ములా ఇది:

```
=(AVERAGE(C2:C13)-0.5)/STDEV.S(C2:C13)*SQRT(12)
```

జవాబు 0.71. వడ్డీ తీయడం మర్చిపోతే 1.02 వచ్చేది, అంకె 1 దాటిందని సంబరపడేవాళ్లం. ఇంకో సంగతి, షార్ప్ పైకి ఎగిరిన నెలని కూడా ఊగిసలాటగానే లెక్కేస్తుంది; ఇక్కడ ఆ 15 శాతం నెలే విచలనాన్ని బాగా పెంచింది.

ఒక్క ఏడాది నెలవారీ అంకెలతో కట్టిన షార్ప్‌లో మామూలుగానే అటూ ఇటూ దాదాపు 1 తేడా ఉండొచ్చు. అంటే ఈ 0.71 వెనక అసలు విలువ సున్నా అయినా ఆశ్చర్యం లేదు. నాలుగేళ్ల రికార్డు ఉంటే ఆ తేడా సుమారు సగానికి, 0.5కి తగ్గుతుంది. అందాకా ఈ ట్రేడర్ పొజిషన్ సైజు పెంచకుండా, 18.3 శాతానికి మించిన పతనం కూడా రావచ్చనుకుని డబ్బు పెట్టడమే సబబు.