మినిట్స్ పుస్తకంలోని హాజరుకూ నివేదికలోని లబ్ధిదారులకూ పొంతన కుదరనప్పుడు

సమస్య: నర్సంపేట పరిసరాల్లో మహిళలకు వారానికొక రోజు చొప్పున మూడు నెలలు కుట్టు శిక్షణ ఇచ్చిన ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఉందనుకుందాం. ప్రతిపాదనలో 40 మందికి నేర్పుతామని రాసిన ఆ సంస్థ, నివేదికలో మాత్రం 342 మంది లబ్ధి పొందారని రాసింది. నిధులిచ్చిన వారు వివరణ అడుగుతూ దానిని తిప్పి పంపారు.

కారణం: మినిట్స్ పుస్తకంలో ప్రతి తరగతికీ ఎదురుగా ఉన్న సంఖ్యలను వరుసగా కూడడం వల్ల, పన్నెండు తరగతులకు వచ్చిన మహిళ పన్నెండుగురిగా లెక్కకు వచ్చింది. 342 అనేది హాజరుల మొత్తమే గాని మనుషుల సంఖ్య కాదు.

పరిష్కారం: సంతకాలు, వేలిముద్రలు ఉన్న హాజరు పట్టికలను ముందు పెట్టుకొని, ఒక్కొక్కరికి ఒక్కొక్క వరుస, ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క నిలువు గడి ఉండేలా ఎక్సెల్‌లో పట్టిక వేయాలి. వచ్చిన రోజున 1 వేసి, రాని రోజున ఖాళీగా వదలాలి. అసలు శ్రమంతా పేర్ల దగ్గరే ఉంటుంది. ఒక రోజు ‘లక్ష్మి’ అనీ, మరో రోజు ‘కె. లక్ష్మి’ అనీ రాసినది ఒకే మనిషి కావచ్చు, ఇద్దరు కావచ్చు. కనుక ఊరు, తండ్రి లేదా భర్త పేరు అడిగి తేల్చుకొని, ఒక్కొక్కరికి ఒక క్రమసంఖ్య ఇవ్వాలి. మన ఉదాహరణలో ఇలా తేలినవారు 38 మంది. తరగతులు C నుంచి N వరకు ఉంటే, మొదటి సూత్రాన్ని O2లో రాసి కింది వరుసలకు లాగాలి. రెండవది తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ తరగతులకు వచ్చినవారిని లెక్కిస్తుంది.

```
=SUM(C2:N2)
=COUNTIF(O2:O39,">=9")
```

అప్పుడు నివేదికలో వాక్యం ఇలా ఉంటుంది: ‘12 తరగతులకు 38 మంది మహిళలు హాజరయ్యారు; తరగతికి సగటు హాజరు 28.5, కనీసం 9 తరగతులకు వచ్చినవారు 24 మంది.’ ప్రతిపాదనలోని 40 కంటే ఇద్దరు తగ్గారన్న సంగతిని దాచకుండా, వారు చేరకపోవడానికి కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పడం మేలు.

సద్దుల బతుకమ్మ ముందు రోజు జరిగిన అదనపు తరగతికి పేర్ల పట్టిక లేకుండా ‘శానామంది వచ్చిండ్రు’ అని మాత్రమే ఉంటే, దానిని ఈ లెక్కలో కలపకూడదు. జ్ఞాపకం మీద పేర్లు నింపడం అంతకంటే తప్పు. తరగతి జరిగిందనీ, హాజరు నమోదు కాలేదనీ వేరుగా రాస్తే సరిపోతుంది.

మరో సమస్య: ‘ఫలితాలు’ అన్న శీర్షిక కింద 12 తరగతులు నడిపామనీ, మెషిన్లు కొన్నామనీ ఉంటుంది.

కారణం, పరిష్కారం: అవి సంస్థ చేసిన పనులు. ఫలితమంటే నేర్చుకున్నవారిలో వచ్చిన మార్పు. అది నోట్సులో అక్కడక్కడ దొరుకుతుంది: చివరి రోజు జాకెట్ కత్తిరించి కుట్టమంటే 22 మందిలో 17 మంది సాయం లేకుండా కుట్టారనీ, ముగ్గురు బడి యూనిఫాంల పని ఒప్పుకున్నారనీ వంటి వాక్యాలను ఏరి, తేదీతో సహా ఈ శీర్షిక కిందికి తేవాలి. ఆదాయం పెరిగిందని రాయాలంటే మాత్రం శిక్షణకు ముందు ఎంత వచ్చేదో నమోదై ఉండాలి. అది లేనప్పుడు ఇప్పుడు అడిగి తెలుసుకున్న మొత్తాన్ని ‘సభ్యులు గుర్తుచేసుకొని చెప్పినది’ అని స్పష్టంగా పేర్కొనాలి.