లూప్ క్లోజ్ చేసే ముందు శాంప్లింగ్ రేటు విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

సిమ్యులేషన్‌లో చక్కగా నడిచిన కంట్రోలర్‌ని కోడ్‌లోకి ఎక్కించి మోటార్‌కి కలిపే రోజునే అసలు తిప్పలు మొదలవుతాయి. ఆ రోజు రాకముందే శాంప్లింగ్ రేటు తేల్చుకోండి. చాలామంది నైక్విస్ట్ పేరు చెప్పి "ఫ్రీక్వెన్సీకి రెండింతలు చాలు కదా" అంటారు. ఆ లెక్క సిగ్నల్‌ని రికార్డు చేసుకుని తర్వాత తీరిగ్గా చూసుకునేవాళ్లకి పనికొస్తుంది, ఫీడ్‌బ్యాక్ లూప్‌కి అంత తీరిక ఎక్కడిది? ఇక్కడ కొలత ఎంత ఆలస్యమైతే ఫేజ్ మార్జిన్ అంత కరిగిపోతుంది. అందుకే ముందు ఆలస్యం లెక్క వేసుకోండి, రేటు దాన్నిబట్టే తేలుతుంది.

ఒక డీసీ మోటార్ స్పీడ్ లూప్ తీసుకుందాం. టాకో నుంచి వచ్చే వోల్టేజీని ఏడీసీ చదువుతుంది, కంట్రోలర్ పీడబ్ల్యూఎం డ్యూటీ ఇస్తుంది. అనలాగ్ డిజైన్‌లో క్రాసోవర్ 20 హెర్ట్జ్, ఫేజ్ మార్జిన్ 50 డిగ్రీలు. శాంప్లింగ్ 200 హెర్ట్జ్ పెట్టారు. పది రెట్లు ఉంది కాబట్టి ధారాళంగా ఉందనిపిస్తుంది.

కానీ ఏం జరుగుతుందో చూడండి. శాంపిల్ టైమ్ 5 మిల్లీసెకన్లు. కంట్రోలర్ ఒకసారి ఇచ్చిన అవుట్‌పుట్ మళ్లీ కొత్తది వచ్చేదాకా అలాగే నిలబడి ఉంటుంది, దీన్నే జీరో ఆర్డర్ హోల్డ్ అంటాం. అలా నిలబెట్టడం వల్ల సగటున సగం శాంపిల్, అంటే 2.5 మిల్లీసెకన్ల ఆలస్యం పడుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 50 మిల్లీసెకన్లు కాబట్టి ఆ ఆలస్యం విలువ 18 డిగ్రీలు. ఇది ఎంత మంచి ప్రాసెసర్ పెట్టినా తప్పదు. దీనికి తోడు చాలా కోడ్‌లలో ఈ ఇంటరప్ట్‌లో చదివి లెక్కగట్టిన విలువ వచ్చే ఇంటరప్ట్‌లో గానీ బయటికి వెళ్లదు. అది ఇంకో పూర్తి శాంపిల్, ఇంకో 36 డిగ్రీలు. మొత్తం 54. ఉన్నవే 50! లూప్ ఊగిపోతుంది, అందరూ గెయిన్ తగ్గించడం మొదలుపెడతారు, మోటార్ మొద్దుబారుతుంది, చివరికి నింద ట్యూనింగ్ మీద పడుతుంది.

మీ లూప్‌కి లెక్క ఇలా వేసుకోండి. `T` శాంపిల్ టైమ్, `Td` చదవడానికీ అవుట్‌పుట్ మారడానికీ మధ్య గడిచే కాలం, `fc` క్రాసోవర్, జవాబు డిగ్రీల్లో వస్తుంది.

```
lag = 360 * fc * (T/2 + Td)
```

ఇదే లూప్‌ని 1000 హెర్ట్జ్‌లో నడిపితే, ఒక శాంపిల్ కంప్యూటేషన్ ఆలస్యం అలాగే ఉన్నా నష్టం 10.8 డిగ్రీలే. అందుకే మామూలుగా క్రాసోవర్‌కి 20, 30 రెట్లు తీసుకోమంటారు, ఆలస్యం పూర్తి శాంపిల్ ఉంటే ఇంకా పైకి వెళ్లడమే మంచిది. ఒకవేళ హార్డ్‌వేర్ వల్ల రేటు పెంచే వీలు లేకపోతే కోడ్ వరస మార్చి చూడండి.

```c
e = ref - read_adc();
u = s + b0 * e;
write_pwm(u);
s = next_state(e, u);
```

ఈ శాంపిల్‌కి అవసరమైన గుణకారం ఒక్కటి చేసి వెంటనే అవుట్‌పుట్ రాసేయడం, వచ్చే శాంపిల్‌కి కావాల్సిన బరువైన లెక్క ఆ తర్వాత చేసుకోవడం. అయితే చాలా మైక్రోకంట్రోలర్లలో మీరు రాసిన డ్యూటీ షాడో రిజిస్టర్‌లో కూర్చుని తర్వాతి పీడబ్ల్యూఎం పీరియడ్‌లోనే అమల్లోకి వస్తుంది. పీడబ్ల్యూఎం, శాంప్లింగ్ రెండూ ఒకే రేటులో ఉంటే ఈ తంటాలన్నీ పడ్డా మిగిలేది ఏమీ ఉండదు. డేటాషీట్‌లో ఆ పేజీ చూశాకే సంబరపడండి.

ఇప్పుడు రెండో ప్రమాదం, ఏలియాసింగ్. ఇది ఇంకా తిక్కది, ఎందుకంటే కంట్రోలర్ లాగ్ చూస్తే అంతా నిజంలాగే కనిపిస్తుంది. మోటార్ బిగించిన ఫ్రేమ్ 197 హెర్ట్జ్ దగ్గర వణుకుతోందనుకోండి, ఆ వణుకు టాకో సిగ్నల్‌లోకి చేరుతుంది. 200 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో అది 3 హెర్ట్జ్ ఊగులాటగా కనిపిస్తుంది. 3 హెర్ట్జ్ అంటే మన బ్యాండ్‌విడ్త్‌లోనే ఉన్నట్టు, కాబట్టి అసలు లేనే లేని ఊగులాటని అణచడానికి కంట్రోలర్ బుద్ధిగా పనిచేసి నిజంగానే మోటార్‌ని 3 హెర్ట్జ్‌లో ఊపుతుంది. ఇంటిగ్రేటర్ గెయిన్ మారిస్తే కొంచెం మారినట్టు ఉంటుంది, కానీ పోదు.

పట్టుకోవడం మాత్రం తేలికే. శాంప్లింగ్ రేటుని 190కి మార్చండి, `Ki*T`, `Kd/T` లాంటివి కొత్త `T`కి తగ్గట్టు సరిచేయడం మర్చిపోకండి. ఊగులాట 3 నుంచి 7 హెర్ట్జ్‌కి దూకితే అది ఏలియాస్, అక్కడే ఉంటే నిజమైన ఊగులాట. ఆసిలోస్కోప్ ఉంటే ఏడీసీ పిన్ మీదే పెట్టి చూడండి, లాగ్‌కి కనపడని 197 హెర్ట్జ్ అక్కడ దొరుకుతుంది.

దీనికి మందు ఏడీసీకి ముందు పెట్టే అనలాగ్ ఫిల్టర్. శాంపిల్ చేశాక కోడ్‌లో ఎంత గొప్ప ఫిల్టర్ రాసినా లాభం లేదు, అప్పటికే 197 కాస్తా 3 అయిపోయింది. కానీ ఈ ఫిల్టర్ కూడా అదే ఫేజ్ మార్జిన్‌లోంచి తింటుంది. 200 హెర్ట్జ్ శాంప్లింగ్‌కి 100 హెర్ట్జ్ దగ్గర ఒక ఆర్సీ పెట్టారనుకోండి, 20 హెర్ట్జ్ దగ్గర 11 డిగ్రీలు పోతాయి, 197 హెర్ట్జ్ మాత్రం దాదాపు 45 శాతం అలాగే లోపలికి వస్తుంది. డబ్బూ పోయె, శనీ పట్టె అన్నట్టు.

అదే 1000 హెర్ట్జ్ శాంప్లింగ్‌లో 197 హెర్ట్జ్ 197గానే కనిపిస్తుంది, అవసరమైతే కోడ్‌లో నాచ్ పెట్టుకోవచ్చు, దాని ఫేజ్ కూడా లెక్కలో వేసుకుంటే సరి. ఇక మన 20 హెర్ట్జ్ లోపలికి దొంగచాటుగా దిగేవి 1000కీ దాని గుణిజాలకీ అటూఇటూ ఉన్నవే. 200 హెర్ట్జ్ దగ్గర రెండో ఆర్డర్ బటర్‌వర్త్ పెడితే 1000 దగ్గర సిగ్నల్ 4 శాతానికి పడిపోతుంది, ఖర్చు 8 డిగ్రీలు. శాంప్లింగ్‌కి 10.8, ఫిల్టర్‌కి 8.1 పోగా 50లో 31 మిగులుతుంది. నాకైతే ఇది సరిపోతుంది, ఇంకా కావాలంటే 2 కిలోహెర్ట్జ్‌కి వెళ్లండి.

అలాగని రేటు ఎంత పెంచితే అంత మంచిదనీ అనుకోవద్దు. టాకో బదులు ఎన్‌కోడర్ వాడి, కౌంట్ల తేడాతో స్పీడ్ తీసేవాళ్లు ముఖ్యంగా గమనించాలి. తిరుగుడుకి 2000 కౌంట్లు ఉంటే 5 మిల్లీసెకన్ల శాంపిల్‌లో ఒక కౌంట్ విలువ 6 ఆర్‌పీఎం, 1 మిల్లీసెకన్‌లో 30, అర మిల్లీసెకన్‌లో 60. నిదానంగా తిరిగే మోటార్‌కి స్పీడ్ రీడింగ్ సున్నాకీ 60కీ మధ్య గంతులేస్తుంది, డెరివేటివ్ టర్మ్ ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ఇంటీజర్ లెక్కలు వాడేవాళ్లకి ఇంకో చిక్కు, `T` మరీ చిన్నదైతే `Ki*T*e` ఒక బిట్ కంటే తగ్గిపోయి సున్నా అవుతుంది, చిన్న ఎర్రర్ దగ్గర ఇంటిగ్రేటర్ కదలడం మానేస్తుంది.

అన్నీ తేలాక, కరెంట్ లిమిట్ తక్కువలో పెట్టి, అవుట్‌పుట్‌కి కోడ్‌లో కావాలని ఒక్కో శాంపిల్ ఆలస్యం కలుపుతూ వెళ్లండి. 1000 హెర్ట్జ్‌లో ఒక్కోదానికి 7.2 డిగ్రీలు కాబట్టి మిగిలిన 31 డిగ్రీలు నాలుగింటిని తట్టుకోవాలి, ఐదోదానికి లూప్ 20 హెర్ట్జ్ అటూఇటూగా ఊగడం మొదలవ్వాలి. రెండోదానికే ఊగిందంటే మీ లెక్కలోకి రాని ఆలస్యం ఎక్కడో ఉంది. డ్రైవర్‌లోపలి ఫిల్టర్, సీరియల్ లింక్, ఏడీసీ యావరేజింగ్, ముందుగా ఈ మూడూ చూడండి.